ఇరవై నిమిషాలు కదపొద్దు

మా క్యాజువాలిటీలో మందుల అల్మారా కింది అరలో ఒక అట్టపెట్టె ఉంటుంది. దాని నిండా కొత్త గాజు టెస్ట్‌ట్యూబులు. మూత ఉండదు, లేబుల్ ఉండదు, లోపల ఏ రసాయనమూ ఉండదు. కొత్తగా వచ్చిన హౌస్ సర్జన్లు దాన్ని చూసి "ఇవి ల్యాబ్‌వి కదా, ఇక్కడెందుకున్నాయి" అని అడుగుతారు. ల్యాబ్‌కి సాయంత్రం తాళం పడుతుంది. పాము కరిచినవాళ్లు ఎక్కువగా వచ్చేది ఆ తర్వాతే. అందుకే అవి మా దగ్గర ఉంటాయి.

నేను పనిచేసేది కృష్ణా డెల్టాలో ఒక చిన్న సర్కారు ఆసుపత్రిలో. కార్తీకం దాటి మాసూళ్లు మొదలయ్యాయంటే చాలు, మాకు రక్తపింజర సీజన్ వచ్చినట్టే. కోసిన వరి పనల కింద ఎలకలు చేరతాయి, ఎలకల కోసం అది చేరుతుంది. లావుగా, బద్ధకంగా, ఒంటి మీద గొలుసులాంటి మచ్చలతో పడి ఉంటుంది. దగ్గరికెళ్తే కుక్కర్ విజిల్‌లా బుస కొడుతుంది. కానీ నూర్పిడి మెషీన్ చప్పుడులో ఆ బుస ఎవరికి వినపడుతుంది చెప్పండి.

రక్తపింజర విషం గురించి చాలామంది ఒకటే మాట చెబుతారు: "రక్తాన్ని నీళ్లు చేసేస్తుంది". చూడ్డానికి జరిగేది అదే. కానీ లోపల జరిగేది దాదాపు దానికి తిరగబడి ఉంటుంది. ఆ విషం రక్తాన్ని పలచన చేయదు. గడ్డకట్టిస్తుంది. అదీ ఎంత వేగంగా అంటే, గడ్డకట్టడానికి కావలసిన సరుకు మొత్తం అయిపోయేదాకా.

మా డెల్టా వాళ్లకైతే ఇలా చెబుతాను. కృష్ణకి వరద వచ్చే కాలంలో కరకట్ట వెంబడి ఇసుక బస్తాలు పేర్చి ఉంచుతారు కదా. ఎక్కడ గండి పడితే అక్కడికి నాలుగు బస్తాలు మోసుకెళ్లి పూడ్చాలి. ఇప్పుడు ఎవడో ఒకడు బండేసుకుని కట్ట పొడవునా తిరుగుతూ "ఇక్కడ గండి, అక్కడ గండి" అని అబద్ధపు కేకలు వేశాడనుకోండి. జనం పరిగెత్తి బస్తాలన్నీ అక్కర్లేనిచోట పడేస్తారు. చివరికి నిజంగా ఎలక బొరియంత గండి పడినా పూడ్చడానికి ఒక్క బస్తా మిగలదు.

మన రక్తంలో ఆ బస్తాల పేరు ఫైబ్రినోజన్. కాలేయం తయారుచేసే ప్రొటీన్ ఇది. మామూలుగా డెసీలీటరు రక్తద్రవంలో 200 నుంచి 400 మిల్లీగ్రాములు ఉంటుంది. గాయమైతే ఇది దారాల్లా మారి, వలలా అల్లుకుని, రక్తాన్ని పట్టి ఆపుతుంది. ఆ ఆర్డర్ ఇచ్చేవి గడ్డకట్టే కారకాలు, వాటికి నంబర్లు ఉంటాయి. రక్తపింజర విషంలో రెండు ఎంజైములున్నాయి. ఒకటి పదో కారకాన్ని నేరుగా నిద్రలేపుతుంది, ఇంకోటి ఐదో కారకాన్ని. ఎక్కడా గాయం లేకుండానే ఒళ్లంతా అబద్ధపు కేకలన్నమాట. గంటా గంటన్నరలో ఫైబ్రినోజన్ దాదాపు ఖాళీ అయిపోవచ్చు. అప్పుడు పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి కారే రక్తం ఆగదు, సూది గుచ్చిన చోట ఆగదు. మెదడులో చిన్న నాళం చిట్లితే అదీ ఆగదు.

ఈ విషంలో ఇంత గట్టి గడ్డకట్టించే శక్తి ఉందన్న సంగతి కొత్తదేం కాదు. 1934లో లండన్‌లో మాక్‌ఫర్లేన్, బార్నెట్ అనే ఇద్దరు దీన్ని బాగా పలచన చేసి, హీమోఫీలియా ఉన్నవాళ్లకి రక్తం కారేచోట పైపైన అద్ది ఆపొచ్చని రాశారు. కొన్నాళ్లు అది మందుగా అమ్ముడైంది కూడా. ఇప్పటికీ లూపస్‌కి సంబంధించిన ఒక రక్తపరీక్షకి పెద్ద ల్యాబుల్లో ఈ పాము విషాన్నే వాడతారు. చుక్క విషం చర్మం మీద రక్తాన్ని ఆపుతుంది, అదే విషం నాళంలోకి వెళితే ఆపే శక్తినే తినేస్తుంది.

ఇక మా గాజు ట్యూబ్ దగ్గరికి వద్దాం. ఫైబ్రినోజన్ కొలిచే మెషీన్లు ఉన్నాయి, కానీ మా స్థాయి ఆసుపత్రుల్లో ఉండవు. పాముకాటులో మేం చేసే పరీక్ష ఇంతే: చేతి నరం నుంచి రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కొత్త, శుభ్రమైన, పొడి గాజు ట్యూబ్‌లో వదిలి, గది వేడి దగ్గర కదపకుండా 20 నిమిషాలు నిలబెట్టాలి. తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టి ఉంటే కదలదు. నీళ్లలా జారితే విషం పనిచేస్తున్నట్టు. 1970ల్లో ఉత్తర నైజీరియాలో పింజర కాట్లు చూసిన డేవిడ్ వారెల్ బృందం ఈ పద్ధతిని వాడింది. తర్వాత 1994లో బ్రెజిల్‌లో దీన్ని ఫైబ్రినోజన్ కొలతలతో పోల్చి చూసి, నమ్మదగినదే అన్నారు.

వినడానికి ఇది ఇంటర్ ప్రాక్టికల్ కంటే తేలిక. కానీ ఇందులో ప్రతి మాటకీ కారణం ఉంది. "గాజు" ఎందుకంటే, గాజు ఉపరితలం తగలగానే రక్తంలో గడ్డకట్టే పని మొదలవుతుంది. మామూలు ప్లాస్టిక్‌కి ఆ గుణం లేదు. ప్లాస్టిక్‌లో పోస్తే ఆరోగ్యవంతుడి రక్తం కూడా 20 నిమిషాలకి ద్రవంగానే ఉండొచ్చు, అప్పుడు అక్కర్లేని మందు ఎక్కిస్తాం. "కొత్తది" ఎందుకంటే, సబ్బు లేదా డిటర్జెంట్‌తో కడిగిన గాజు కూడా ఆ గుణం పోగొట్టుకుంటుంది. ఇప్పుడొచ్చే ఎర్రమూత ట్యూబులతో ఇంకో చిక్కు. వాటిలో చాలావరకు ప్లాస్టిక్‌వి, పైగా లోపల గడ్డకట్టించే పొడి పూసి ఉంటుంది. ఆ పొడి, పలచబడిన రక్తాన్ని కూడా గడ్డ కట్టించి చూపించగలదు. అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే అప్పుడు మందు ఇవ్వాల్సినవాళ్లని ఇంటికి పంపేస్తాం.

"కదపొద్దు" అన్నది మా సిస్టర్ గారు ఎప్పుడూ ఒకే మాటతో తేల్చేస్తారు: "పాలు తోడేసి గిన్నె మాటిమాటికీ కదిపి చూస్తే పెరుగు తోడుకుంటుందా?" అంతే. ఐదు నిమిషాలకోసారి ఎత్తి వెలుతురులో పెట్టి చూస్తే కట్టబోయే గడ్డ చెదిరిపోతుంది. గోడ గడియారం చూసి అంచనా వేయడం కూడా కుదరదు, ఎందుకంటే క్యాజువాలిటీలో పది నిమిషాలు అరగంటలా, అరగంట పది నిమిషాల్లా నడుస్తాయి. మేం ఫోన్‌లో టైమర్ పెడతాం. ట్యూబ్ మీద ప్లాస్టర్ ముక్క అంటించి పేరు, తీసిన టైమ్ రాస్తాం. వంచి చూసేది కూడా, ట్యూబ్ పెట్టినవాళ్లే.

ఆ రోజు కేసు చెబుతాను. అక్క అంటాను, పేరు వద్దు. నలభైలోపు వయసు, కూలీ. సాయంత్రం ఆరుంపావుకి పనలు ఎత్తుతుంటే చీలమండ మీద ఏదో గీరినట్టయిందట. ఏడింటికి మా దగ్గరికి తెచ్చారు. మోకాలి పైన కొబ్బరితాడు కట్టి ఉంది, కాటు మీద ఏదో ఆకు పసరు. మేనల్లుడు ఫోన్‌లో ఫొటో చూపించాడు, అందులో గడ్డి, టార్చిలైటు వెలుగు తప్ప ఏం లేదు. మరిది మాత్రం గట్టిగా చెప్పాడు: "నీరుకట్టు పామే డాక్టరమ్మా, నేను చూశాను. దానికి విషం ఉండదు. ఒక టీటీ సూది వేసేస్తే పోతాం."

పామేదో ఎవరు చెప్పినా వింటాను, దాని మీద ఆధారపడను. మన దగ్గర దొరికే యాంటీ వెనమ్ ఒకటే రకం. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ కలిపి చేసింది. కాబట్టి పాము పేరు తెలియకపోయినా మందు మారదు. తెలియాల్సింది, విషం ఎక్కిందా లేదా అని. నాగుపాము, కట్లపాము అయితే రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, ఊపిరి తగ్గడం చూస్తాం. పింజరలైతే వాపు, రక్తం, ఈ ట్యూబ్. మన దక్షిణాది రక్తపింజర రెప్పలు కూడా వాల్చగలదు, అది వేరే తలనొప్పి.

కాలు చూశాను. రెండు గాట్లు, చీలమండ దగ్గర కాస్త వాపు, నొప్పి ఎక్కువే. రెప్పలు బాగున్నాయి, బీపీ బాగుంది. 7:05కి రక్తం తీసి ట్యూబ్‌లో పెట్టాం. సెలైన్ లైను ఎక్కించి, అన్నీ సిద్ధం చేసుకున్నాక మెల్లగా తాడు వదులు చేశాం. గట్టిగా బిగించిన కట్టు విషాన్ని పూర్తిగా ఆపదు, కాలుని మాత్రం పాడుచేస్తుంది. పైగా విప్పగానే ఆగి ఉన్న విషం ఒక్కసారిగా పైకి రావచ్చు. అందుకే దారిలో ఎక్కడో విప్పడం కంటే ఆసుపత్రిలో విప్పడం మేలు.

7:25కి ట్యూబ్ వంచాను. గడ్డ. గట్టిగా, అడుగుకి అతుక్కుని, కదలకుండా.

మరిది మొహం వెలిగిపోయింది. "చెప్పలేదా?" అన్నాడు. ఆటో బయటే ఉంది. అక్క కూడా లేచి కూర్చుంది, ఇంట్లో చిన్నపిల్ల ఉందని. నిజానికి కథంతా ఇక్కడే తేడా కొడుతుంది. ఒక్క గడ్డ చూసి ఇంటికెళ్లినవాళ్లు మర్నాడు రక్తపు వాంతితోనో, మూత్రం ఆగిపోయో తిరిగొస్తారు. కాటేసిన విషం కండ కింద మడుగులా ఉండి మెల్లగా ఎక్కుతుంది. మొదటి ట్యూబ్ చెప్పేది ఒక్కటే: రక్తం తీసిన ఆ నిమిషానికి ఇసుక బస్తాలు ఇంకా ఉన్నాయని. అయిపోతున్నాయా లేదా అన్నది అది చెప్పదు. అందుకే మన దేశపు పాముకాటు ప్రొటోకాల్‌లో మొదటి పరీక్ష మామూలుగా ఉన్నా మళ్లీ మళ్లీ చేయమని ఉంది.

"అక్కా, పదింటి దాకా ఉండు. ఇంకో నాలుగైదు ట్యూబులు. అన్నీ ఇలాగే ఉంటే ఎలా చూడాలో తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను. మరిది సణిగాడు. సిస్టర్ గారు ఆయన్ని పక్కకి పిలిచి, ఏం చెప్పారో తెలీదు, ఆటోవాణ్ణి పంపించేశాడు.

7:35కి రెండోది తీశాం. 7:55కి వంచితే గడ్డ ఉంది, కానీ మెత్తగా, అంచుల్లో కాస్త జారుతూ. వాపు చీలమండ దాటి పిక్కలోకి వచ్చింది. పెన్నుతో వాపు ఎక్కడిదాకా ఉందో గీత గీసి టైమ్ రాశాను. 8:05కి మూడోది. ఆ ఇరవై నిమిషాల్లోనే సూది గుచ్చిన చోట దూది తడిసింది. అక్క ఉమ్మితే ఎర్రగా ఉంది. 8:25కి వంచాను. టీనీళ్లలా ఒక పక్క నుంచి ఇంకో పక్కకి జారింది. అడుగున ఒక్క పోగు కూడా లేదు.

యాంటీ వెనమ్ 10 వయల్స్. ఈ పది అన్న అంకె ఎక్కడిది? చిన్న లెక్కే. రక్తపింజర ఒక కాటులో సగటున 63 మిల్లీగ్రాముల విషం దింపుతుందని కొలిచారు. మన యాంటీ వెనమ్ ఒక మిల్లీలీటరు, రక్తపింజర విషం 0.6 మిల్లీగ్రాములని అడ్డుకుంటుంది. వయల్ అంటే పది మిల్లీలీటర్లు, అంటే ఆరు మిల్లీగ్రాములు. పది వయల్స్‌కి అరవై. సగటు కాటుకి దాదాపు సరిపోతుంది. ఐదేళ్ల పిల్లకైనా ఇదే డోసు. బరువు చూసి తగ్గించకూడదు, ఎందుకంటే పాము పిల్లని చూసి విషం తగ్గించదు. అయితే సగటు అంటే సగటే. దానికంటే బాగా ఎక్కువ దింపే పాములూ ఉంటాయి.

వయల్‌లో తెల్లటి పొడి ఉంటుంది. స్టెరైల్ వాటర్ పోసి కరిగించాలి, కుదపకూడదు, కుదిపితే నురగ వస్తుంది. అరచేతుల మధ్య మెల్లగా తిప్పాలి. పది వయల్స్ కరగడానికి ఇద్దరికి చాలాసేపు పడుతుంది, సినిమాల్లో చూపించినట్టు ఒక సూది గుచ్చితే అయిపోయేది కాదు. ఈ మందు గుర్రాల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు. మన ఒంటికి అవి పరాయివి. కాబట్టి పక్కన అడ్రినలిన్ సిరంజిలోకి ఎక్కించి పెట్టుకున్నాకే డ్రిప్ మొదలుపెడతాం. అక్కకి 8:45కి మొదలుపెడితే పన్నెండు నిమిషాలకి ఒళ్లంతా దద్దుర్లు, దురద, కాస్త పిల్లికూతలు. డ్రిప్ ఆపి, అడ్రినలిన్ అర మిల్లీగ్రాము తొడ కండలో ఇచ్చాం. రక్తం గడ్డకట్టనివాళ్లకి కండలోకి సూదులు మామూలుగా ఇవ్వం, దీనికి మాత్రం మినహాయింపు. పది నిమిషాల్లో సర్దుకుంది. మళ్లీ మెల్లగా మొదలుపెట్టి, 10:10కి పూర్తి చేశాం.

ఇక్కడి నుంచి పరీక్ష మందుకి కళ్లెం అవుతుంది. అసలు ఆరు గంటల కథ ఇదే. మందు అయిపోయాక ఆరు గంటలదాకా మళ్లీ ట్యూబ్ పెట్టం, మళ్లీ మందు ఇవ్వం. రాత్రి పదకొండున్నరకి మరిది వచ్చాడు. ఈసారి గొంతు మారింది. "డాక్టరమ్మా, మా వదిన చిగుళ్లు ఇంకా కారుతూనే ఉన్నాయి. ఇంకో పది వేసేయండి. డబ్బులు కావాలంటే తెస్తాం. ఆ ట్యూబ్ ఇంకోసారి పెట్టండి, చూద్దాం."

నిజానికి అది న్యాయమైన ప్రశ్న. మందు ఇచ్చాం కదా, వెంటనే ఎందుకు గడ్డకట్టదు? ఎందుకంటే యాంటీ వెనమ్ రక్తాన్ని గడ్డ కట్టించదు. అది అబద్ధపు కేకలు వేసేవాడి నోరు మాత్రం మూస్తుంది. బస్తాలు మళ్లీ నింపాల్సింది కాలేయం. ఇసుక తోడాలి, సంచి కుట్టాలి, మోసుకెళ్లి పెట్టాలి. దానికి పట్టే టైమ్ సుమారు ఆరు గంటలు. పదకొండున్నరకి ట్యూబ్ పెడితే, విషం మొత్తం చచ్చిపోయి ఉన్నా, రక్తం ద్రవంగానే కనిపిస్తుంది. దాన్ని చూసి భయపడి ఇంకో పది వయల్స్ ఎక్కిస్తే మందు వృథా, ఇంకోసారి రియాక్షన్ ముప్పు. మా ఫ్రిజ్‌లో అప్పటికి మిగిలినవి 14. అర్ధరాత్రి ఇంకొకరు వస్తే?

"ప్లాస్మా ఎక్కించొచ్చు కదా" అని మేనల్లుడు, ఫోన్‌లో చదివి. తెలివైన ప్రశ్నే. కానీ విషం ఇంకా తిరుగుతుంటే కొత్తగా పోసిన ఫైబ్రినోజన్‌ని కూడా అది తినేస్తుంది, నిప్పులో కిరసనాయిలు పోసినట్టు. మొదట విషాన్ని ఆపాలి. అయినా మా దగ్గర బ్లడ్ బ్యాంకు లేదు. వాళ్లకి కరకట్ట కథ చెప్పాను. మరిది ఏటి గట్టు పనికెళ్లిన మనిషే, ఠక్కున పట్టుకున్నాడు. "అంటే ఇప్పుడు సంచులు కుడుతున్నారన్నమాట" అన్నాడు. అవును, అన్నాను. ఆ తర్వాత రాత్రంతా గంటకోసారి వచ్చి, "ఎంతవరకు కుట్టారమ్మా?" అని అడిగిపోయాడు.

ఆ ఆరు గంటలూ ఊరికే కూర్చోలేదు. బీపీ, వాపు గీత, రెప్పలు, అన్నిటికంటే మూత్రం. రక్తపింజర విషం ఎక్కువమందిని చంపేది మూత్రపిండాల దారిలో కూడా. ఎన్ని మిల్లీలీటర్లు వచ్చింది, రంగేమిటి అని గంట గంటకీ రాశాం. మొదట కాస్త ముదురుగా, కోక్ రంగులో ఉంది, కానీ పరిమాణం తగ్గలేదు. తగ్గి ఉంటే డయాలసిస్ ఉన్న పెద్దాసుపత్రికి అప్పుడే పంపేదాన్ని. గంటన్నర ప్రయాణం. మొదటి డోసు ఇక్కడ ఇచ్చాకే పంపాలన్నది నా పట్టుదల. మందు పడకుండా అంబులెన్సులో గడిపిన గంటన్నర అంటే విషానికి ఇచ్చిన గంటన్నరే.

తెల్లవారుజామున 4:10కి ట్యూబ్ పెట్టాం. 4:30కి మరిది, మేనల్లుడు, సిస్టర్ గారు అందరూ బల్ల చుట్టూ. వంచాను. జారింది.

ఆరు గంటలకి కూడా జారిందంటే అర్థం, కేకలు ఇంకా ఆగలేదని. దింపిన విషం సగటు కంటే ఎక్కువ, లేదా కండలోని మడుగు నుంచి ఇంకా ఊరుతోంది. ఇప్పుడు రెండో డోసు వృథా కాదు. ఇంకో పది వయల్స్, ఈసారి దద్దుర్లు రాలేదు. 5:40కి అయిపోయింది. ఫ్రిజ్‌లో నాలుగు మిగిలాయి. జిల్లా స్టోరుకి ఫోన్ చేసి, ఉదయం కల్లా ఇంకొన్ని పంపమని చెప్పాం.

మళ్లీ ఆరు గంటలు. నా డ్యూటీ ఎనిమిదింటికి అయిపోయింది కానీ వెళ్లాలనిపించలేదు, క్యాంటీన్‌లో ఇడ్లీ తిని వచ్చి అక్కడే కూర్చున్నాను. 11:40కి తీసిన రక్తం 12 గంటలకి వంచితే కదల్లేదు. తలకిందులు చేశాను. అయినా కదల్లేదు. చిగుళ్లు అంతకుముందే ఆగిపోయాయి. సాయంత్రం 5:40కి ఇంకోటి పెట్టాం, ఎందుకంటే మడుగులో మిగిలిన విషం తర్వాత ఎక్కి, కట్టిన రక్తం మళ్లీ పలచబడ్డ కేసులున్నాయి. అదీ గడ్డే. ఐదో రోజు మూత్రం, క్రియాటినిన్ రెండూ మామూలుగా ఉన్నాయి, అక్క ఇంటికెళ్లింది. కాలు వాపు తగ్గడానికి ఇంకో రెండు వారాలు పట్టింది.

ఇంతా చెప్పాక ఈ పరీక్ష గొప్పదని మీరనుకుంటే, దాని లోపాలు కూడా చెప్పాలి. శ్రీలంకలో 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో, మామూలు వార్డు పరిస్థితుల్లో చేసిన ఈ పరీక్షని ల్యాబ్ కొలతలతో పోల్చి చూశారు. నిజంగా గడ్డకట్టే శక్తి పోయినవాళ్లలో సగానికి పైగా ఇది పట్టుకోలేదు. నాలుగేళ్ల తర్వాత, అదే శ్రీలంకలో, సరైన ట్యూబులిచ్చి, శిక్షణ పొందినవాళ్లతో చేయిస్తే ప్రతి ఐదుగురిలో నలుగుర్ని పట్టుకుంది. రెండు సంఖ్యల మధ్య తేడా పాముది కాదు, ట్యూబ్‌ది, చేతిది, గడియారానిది. అందుకే మేం కొత్త లాట్ ట్యూబులు వస్తే ముందు మా రక్తమే తీసి పెట్టి చూస్తాం. నాది గడ్డకడితే ఆ పెట్టె పనికొస్తుంది. అనుమానం వచ్చిన రాత్రి కూడా అంతే, పేషెంటు ట్యూబ్ పక్కన స్టాఫ్‌లో ఒకరిది.

సరిగ్గా చేసినా ఆ ఐదో మనిషి మిగులుతాడు. ఫైబ్రినోజన్ బాగా పడిపోయాకే ట్యూబ్ జారుతుంది. సగానికి తగ్గినవాళ్లది కూడా చక్కగా గడ్డకట్టొచ్చు. కాబట్టి ట్యూబ్ గడ్డ చూపించినా చిగుళ్లు కారుతుంటే, వాపు గంట గంటకీ పాకుతుంటే, నేను ట్యూబ్‌ని కాదు, మనిషిని నమ్ముతాను.

ఇంకో లోపం పరీక్షది కాదు, మందుది. పడమటి కనుమల్లో, ముఖ్యంగా కేరళ వైపు, ముక్కు పైకి తిరిగిన ఒక చిన్న పింజర ఉంది. అది కరిచినా రక్తం గడ్డకట్టడం ఆగిపోవచ్చు, ట్యూబ్ అచ్చం రక్తపింజర కాటులాగే జారుతుంది. కానీ మన యాంటీ వెనమ్‌లోని నాలుగు పాముల్లో అది లేదు. పది వయల్స్ వేస్తారు, ఆరు గంటలు ఆగుతారు, వంచుతారు, జారుతుంది. ఇంకో పది వేస్తారు, మళ్లీ జారుతుంది. అలాంటి చోట డాక్టర్లు పామేదో పట్టిపట్టి అడుగుతారు, ఫొటో ఉంటే పదిసార్లు చూస్తారు. అదే పింజర అని తేలితే మందు ఆపేసి, మూత్రపిండాల మీద కన్నేసి, రక్తం దానంతటది తిరిగి కట్టేదాకా కాపలా కాస్తారు.